పదిహేడు రాత్రి పన్నెండు అంటే ఏ రాత్రి?

ముందు ఒక చిన్న ప్రశ్న. "పదిహేడో తారీఖు రాత్రి పన్నెండు దాకా టైముంది" అని ఎవరైనా చెబితే మీకు ఏ రాత్రి గుర్తొస్తుంది? మా హాస్టల్లో పది మందిని అడిగాను. పది మందీ ఒకటే చెప్పారు: పదిహేడు పగలంతా గడిచాక వచ్చే రాత్రి. నేనూ అలాగే అనుకున్నాను. ఆ అనుకోవడం వల్ల మా ఇంట్లో పన్నెండు వేల రూపాయలు పోయాయి. డబ్బు పోవడం కంటే, అది నా మాట నమ్మి పోవడం నాకు ఎక్కువ బాధ.

మా అక్క సింగపూర్‌లో ఉద్యోగం చేస్తోంది. ఒక ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటుంది. అమ్మా నాన్నా వెళ్తే అక్కడ పడుకోవడానికి చోటు లేదు. అందుకని 2025 డిసెంబర్ 20 నుంచి 23 దాకా మూడు రాత్రులకు అక్కే ఒక హోటల్ బుక్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. "ఒరేయ్, నాన్నకి అర్థమయ్యేలా దీన్ని తెలుగులో ఒక నోట్ రాసిపెట్టు" అంది. సీఎస్ఈ చదివే తమ్ముడు ఉన్నందుకు ఇంట్లో వాళ్ళు అడిగే పనులు ఇలాంటివే కదా. ప్రింటర్ పనిచేయకపోయినా మనల్నే పిలుస్తారు.

నాన్నకి ఇంగ్లీష్ చదవడం వచ్చు. కానీ ఫోన్ తెర మీద ఆ సన్నటి అక్షరాలు కనబడవు. పైగా గ్యాలరీలో గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య ఆ స్క్రీన్‌షాట్ ఎక్కడుందో వెతకడం ఆయన వల్ల కాదు. "స్క్రీన్‌షాట్ ఉందిగా, మళ్ళీ నోట్ ఎందుకు" అని అడిగే ఫ్రెండ్స్‌కి ఇదే నా జవాబు. స్క్రీన్‌షాట్ దాచుకోవడానికి పనికొస్తుంది. కంగారులో ఉన్న మనిషి చూసి ఒక పని చేయడానికి నోట్ కావాలి.

నేను చేతితో రాయలేదు. మనకి స్క్రిప్ట్ రాయకపోతే తోచదు కదా. టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్‌తో బొమ్మలోంచి అక్షరాలు లాగాను. తేదీకి ఒక రెజెక్స్, డబ్బుకి ఒక రెజెక్స్ రాశాను. పది నిమిషాల్లో నోట్ తయారు. గ్రూపులో ఇలా పెట్టాను:

క్యాన్సిలేషన్: డిసెంబర్ 17 దాకా ఫ్రీ.
మొత్తం: 570 సింగపూర్ డాలర్లు.
గది: ట్విన్ రూమ్.

మూడు లైన్లూ తప్పే. ఎలా తప్పయ్యాయో ఒక్కొక్కటిగా చెప్తాను. ఈ మూడు రకాల తప్పులు ఏ హోటల్ స్క్రీన్‌షాట్ దగ్గరైనా ఎదురవుతాయి.

మొదటిది తేదీ. స్క్రీన్‌షాట్‌లో ఉన్న వాక్యం ఇది:

`Free cancellation until 12:00 AM, 17 Dec (property local time)`

నా రెజెక్స్ దీంట్లోంచి `17 Dec` అన్న ముక్క పట్టుకుని మిగతాది వదిలేసింది. కానీ అసలు సంగతి అంతా ఆ వదిలేసిన ముక్కలోనే ఉంది. `12:00 AM, 17 Dec` అంటే పదిహేడో తారీఖు మొదలయ్యే క్షణం. అంటే పదహారు మంగళవారం రాత్రి. పదిహేడున పొద్దున మనం లేచి పళ్ళు తోముకునే టైముకి గడువు దాటి చాలా గంటలైపోతుంది.

ఇక్కడ ఇంగ్లీష్‌కీ తెలుగుకీ ఒక తేడా ఉంది. నేను నర్సరీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే అయినా ఇది నాకు ఇప్పుడే అర్థమైంది. గడియారం లెక్కలో అర్ధరాత్రి దాటగానే తేదీ మారుతుంది. మన మాటల్లో రాత్రి అనేది దాని ముందున్న పగటికి చెందుతుంది. "మంగళవారం రాత్రి ఒంటిగంటకి దిగాం" అంటాం. కానీ గడియారం ప్రకారం అది బుధవారం. మా నానమ్మకైతే తెల్లారేదాకా మంగళవారమే. పంచాంగంలో కూడా వారం సూర్యోదయంతోనే మారుతుంది, కాబట్టి ఆవిడ లెక్క ఆవిడకి కరెక్టే. `12:00 AM, 17 Dec` అనేదాన్ని "పదిహేడు రాత్రి పన్నెండు" అని తెలుగులోకి మార్చామంటే ప్రతి పదం సరిగ్గా ఉంటుంది, అర్థం మాత్రం సరిగ్గా ఇరవై నాలుగు గంటలు జరిగిపోతుంది.

నేను రాసిన "17 దాకా" ఇంకా ఘోరం. "దాకా" అంటే మన వాడుకలో పదిహేడు కూడా కలిపే. పోనీ "17 లోపు" అని రాద్దామంటే, కొందరు పదిహేడుని కలుపుకుంటారు, కొందరు కలుపుకోరు. రెండు పదాలూ మంచివే. కానీ ఒక క్షణాన్ని చెప్పాల్సిన చోట రోజుని చెబితే ఏ పదం వాడినా సరిపోదు.

బ్రాకెట్లో ఉన్న `property local time` ఇంకొక చిక్కు. అది హోటల్ ఉన్న ఊరి గడియారం. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. వాళ్ళకి అర్ధరాత్రి అయ్యేసరికి మనకి రాత్రి తొమ్మిదిన్నర. నేను వేళ్ళ మీద లెక్కపెట్టినా వచ్చేది. లేదా పైథాన్‌లో నాలుగు లైన్లు:

```python
from datetime import datetime
from zoneinfo import ZoneInfo
d = datetime(2025, 12, 17, 0, 0, tzinfo=ZoneInfo("Asia/Singapore"))
print(d.astimezone(ZoneInfo("Asia/Kolkata")))
# 2025-12-16 21:30:00+05:30
```

అంటే నిజమైన గడువు మనకి డిసెంబర్ 16 మంగళవారం రాత్రి 9:30. నా నోట్ చదివిన వాళ్ళకి అర్థమయ్యే గడువు 17 బుధవారం రాత్రి పన్నెండు. మధ్యలో ఇరవై ఆరున్నర గంటల తేడా.

ఆ ఇరవై ఆరున్నర గంటల్లోనే మా ఇంట్లో జరగాల్సింది జరిగింది. పదహారు సాయంత్రం నానమ్మ బాత్రూంలో జారిపడింది. రాత్రి ఎనిమిదింటికి నాన్న హాస్పిటల్ నుంచి ఫోన్ చేశాడు. ఎక్స్‌రే తీశారు, ఆపరేషన్ కావాలో లేదో పొద్దున పెద్ద డాక్టర్ వచ్చి చెప్తాడట. "ప్రయాణం ఉంటుందో ఉండదో తెలీదురా. ఆ హోటల్ సంగతేంటి, ఇప్పుడే ఆపేయమని అక్కకి చెప్పనా?" అని అడిగాడు. నేను నోట్ తెరిచి చూసి, చాలా ధీమాగా, "రేపు రాత్రి దాకా టైముంది నాన్నా, కంగారు పడకండి, డాక్టర్ చెప్పాకే చూద్దాం" అన్నాను.

అప్పటికి ఇంకా గంటన్నర టైముంది.

పొద్దున డాక్టర్ ఆపరేషన్ చేయాలన్నాడు. అక్క క్యాన్సిల్ బటన్ నొక్కితే 179.85 డాలర్లు పట్టుకుంటాం అని వచ్చింది. హోటల్‌కి మెయిల్ రాసింది, రూల్ ఇంతే అన్నారు. వాళ్ళ తప్పు నాకేం కనబడలేదు. బొమ్మలో వాళ్ళు రాసింది కరెక్టే, తీసి రాసినవాడిదే తప్పు. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

రెండోది డబ్బు. స్క్రీన్‌షాట్‌లో డబ్బు ఐదు చోట్ల ఉంది. పైన 570 అని ఒక అంకె, దాని మీద గీత కొట్టి పక్కన 450. కింద సర్వీస్ ఛార్జ్ 45.00, జీఎస్టీ 44.55, చివర మొత్తం 539.55. నేను స్క్రిప్ట్‌లో ఏం రాశానంటే:

```python
total = max(amounts)
```

మొత్తం ఎప్పుడూ అన్నిటికంటే పెద్ద అంకే కదా అని నా తెలివి. కానీ ఓసీఆర్‌కి కొట్టివేత తెలియదు. మన కంటికి 570 మీద గీత కనబడుతుంది, "ఓహో, ఇది పాత ధర, తగ్గించాం అని చూపించడానికి పెట్టింది" అని అర్థమవుతుంది. అక్షరాలుగా మారాక ఆ గీత మాయమైపోతుంది, 570 మామూలు అంకెలా మిగతావాటి పక్కన కూర్చుంటుంది. అలా ఎవరూ కట్టక్కర్లేని డబ్బు నా నోట్‌లోకి వచ్చింది.

స్క్రిప్ట్ లేకుండా కంటితో చూసి రాసినా ఇంకోలా తప్పు వచ్చేది. పెద్ద అక్షరాల్లో, రంగులో ఉన్నది 450. చాలామంది దాన్నే రాస్తారు. సింగపూర్‌లో గది ధర మీద పది శాతం సర్వీస్ ఛార్జ్ వేయడం మామూలు. ఆ రెండూ కలిపిన మొత్తం మీద తొమ్మిది శాతం జీఎస్టీ వేస్తారు. అక్కడ హోటల్ ధరల పక్కన, మెనూల్లో కనబడే రెండు ప్లస్ గుర్తుల అర్థం ఇదే. 450కి పది శాతం 45. కలిపితే 495. దానికి తొమ్మిది శాతం 44.55. మొత్తం 539.55. దాదాపు తొంభై డాలర్ల తేడా.

ఇక్కడ నేను నేర్చుకున్నది ఒకటే: అంకెని తీసుకోవద్దు, లెక్కని తీసుకోండి. గది ధర, ఛార్జీలు, ట్యాక్స్ మూడూ రాసి కూడితే చివరి మొత్తం రావాలి. వస్తే ఆ నాలుగు అంకెలూ సరిగ్గా చదివినట్టే. రాకపోతే రెండే కారణాలు: ఒక అంకె తప్పు చదివాం, లేదా బొమ్మలో ఒక లైన్ కత్తిరించుకుపోయింది. తర్వాత అదే స్క్రీన్‌షాట్‌ని వాట్సాప్‌లో వచ్చిన కాపీతో మళ్ళీ నడిపితే డాలర్ గుర్తు నాకు 8 అయిపోయి 539.55 కాస్తా 8539.55 అయ్యింది. బొమ్మ కుదించుకుపోయి వస్తుంది కదా, సన్నటి గుర్తులే ముందు చెడిపోతాయి. కూడిక చేస్తే ఆ తప్పు అక్కడే పట్టుబడుతుంది. అందుకే స్క్రీన్‌షాట్‌ని ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపమని అక్కకి చెప్పాను, అలా పంపితే కుదించదు.

ఇంకొకటి. ఆ పేజీలో రూపాయల్లో కూడా ఒక అంకె చూపిస్తుంది, పక్కన సుమారు అని ఉంటుంది. డబ్బు తీసుకునేది మాత్రం సింగపూర్ డాలర్లలోనే. రూపాయల్లో ఎంత పడుతుందనేది ఆ రోజు మారకం రేటు, మన కార్డు వేసే ఛార్జీ బట్టి మారుతుంది. కాబట్టి నోట్‌లో డాలర్ల అంకె రాయాలి. రూపాయలు రాయాలనిపిస్తే "సుమారు" అనే మాట కూడా వెంట రావాలి. "సుమారు" వదిలేసి అంకె మాత్రమే రాయడం అంటే బొమ్మలో లేని మాట మనం ఇవ్వడమే.

మూడోది గది. "ట్విన్ రూమ్" అని రాశాను. స్క్రీన్‌షాట్‌లో నిజంగా ఉన్నది ఇది:

`Superior Queen (No Window), 1 queen bed, 2 adults`
`Special request: twin beds (not guaranteed)`

అంటే గదిలో ఉన్నది ఒకటే పెద్ద మంచం. రెండు మంచాలు కావాలని అక్క అడిగింది, అంతే. ఇస్తామని వాళ్ళు మాట ఇవ్వలేదు. నా స్క్రిప్ట్ `twin` అనే పదం కోసం వెతికింది, దొరికింది, రాసేసింది. కోరికనీ మాటనీ ఒకే లైన్లో కలిపేసింది. నాన్నకి నడుము నొప్పి, విడిగా పడుకుంటే గానీ నిద్ర పట్టదు. వెళ్ళి ఉంటే మొదటి రాత్రే గొడవ.

ఆ బ్రాకెట్లో మాట కూడా చూడండి. సింగపూర్‌లో తక్కువ ధర హోటళ్ళలో కిటికీ లేని గదులు ఉంటాయి. అదేం మోసం కాదు, స్పష్టంగా రాసే అమ్ముతారు. కానీ మన ఊళ్ళో గది అంటే కిటికీ ఉంటుందనేది మనం అడగను కూడా అడగం. మా అమ్మకి తలుపు మూసి ఉంటేనే ఊపిరి ఆడనట్టు ఉంటుంది. నోట్‌లో ఆ ఒక్క మాట రాసి ఉంటే, గడువుకి చాలా ముందే "వేరే గది చూడవే" అని అక్కకి చెప్పేది. గది పేరు మార్చకుండా ఉన్నదున్నట్టు రాయాలని అందుకే అంటున్నాను. "సుపీరియర్" అనే మాటకి ఏ అర్థమూ లేదు, ప్రతి హోటల్‌కీ దాని సుపీరియర్ ఉంటుంది. మంచాలు ఎన్ని, ఎంతమందికి, కిటికీ ఉందా, టిఫిన్ ఉందా, గదిలోకి ఎన్నింటికి రానిస్తారు: మనిషికి కావాల్సినవి ఇవి. చివరిది చిన్న విషయంలా ఉంటుంది కానీ, హైదరాబాద్‌లో రాత్రి విమానం ఎక్కినవాళ్ళు పొద్దున్నే సింగపూర్‌లో దిగుతారు. గది మధ్యాహ్నం మూడింటికి అని ఉంటే ఆ మధ్యలో పెద్దవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి?

బొమ్మలో ఏదైనా కనబడకపోతే? టిఫిన్ సంగతి మా స్క్రీన్‌షాట్‌లో లేదు, ఆ లైన్ కిందికి జరిపితే గానీ రాదు. ఇలాంటి చోట "టిఫిన్ లేదు" అని రాయకూడదు. "బొమ్మలో లేదు, అక్కని అడగాలి" అని రాయాలి. లేదు అనడం వేరు, నాకు కనబడలేదు అనడం వేరు. ప్రోగ్రామింగ్‌లో `False`కీ `None`కీ తేడా అని ఫస్ట్ ఇయర్‌లోనే చెప్పారు, ఇంట్లో వాడాలని మాత్రం తోచలేదు.

ఇంకొకటి కూడా ముందే చూసుకోవాలి. ఆ స్క్రీన్‌షాట్ డబ్బు కట్టకముందు పేజీదా, కట్టాక వచ్చిన కన్ఫర్మేషన్‌దా? కట్టకముందు పేజీలో బుకింగ్ నంబర్ ఉండదు. తర్వాత వేరే గది, వేరే ప్లాన్ ఎంచుకుని ఉండొచ్చు, అప్పుడు గడువు కూడా మారిపోతుంది. బుకింగ్ నంబర్ లేని బొమ్మలోంచి నోట్ రాయకండి. ఉంటే, ఆ నంబర్నీ దాని పక్కన ఉండే పిన్‌నీ చుట్టాల గ్రూపులో పెట్టకండి. ఆ రెండూ దొరికినవాళ్ళు బుకింగ్‌ని మార్చేయగలిగే సైట్లు ఉన్నాయి.

ఇప్పుడు అదే స్క్రీన్‌షాట్‌కి నేను రాయాల్సిన నోట్ ఇది:

క్యాన్సిల్ చేయాలంటే: డిసెంబర్ 16 మంగళవారం రాత్రి 9:30 కంటే ముందే (మన టైము). దాటితే మొదటి రాత్రి డబ్బు 179.85 డాలర్లు పోతాయి.
హోటల్ రాసింది: `until 12:00 AM, 17 Dec (property local time)`
మొత్తం: 539.55 సింగపూర్ డాలర్లు (గది 450 + సర్వీస్ 45 + జీఎస్టీ 44.55). మూడు రాత్రులు.
గది: ఒక పెద్ద మంచం, ఇద్దరికి, కిటికీ లేదు. రెండు మంచాలు అడిగాం, ఇస్తామని చెప్పలేదు.
రాక: 20 శనివారం మధ్యాహ్నం 3 తర్వాత. పోక: 23 మంగళవారం.
టిఫిన్: బొమ్మలో లేదు, అక్కని అడగాలి.

మొదటి లైన్లో మూడు పనులున్నాయి చూడండి. వారం పేరు ఉంది, అది తేదీకి కాపలా. 16కీ 17కీ మనిషి తడబడతాడు గానీ మంగళవారానికీ బుధవారానికీ అంత తేలిగ్గా తడబడడు. మన గడియారం టైము ఉంది. దాటితే ఎంత పోతుందో ఉంది. ఆ చివరిది లేకపోతే గడువుకి భయం ఉండదు. 539.55ని మూడుతో భాగిస్తే 179.85, స్క్రీన్‌షాట్‌లో `first night` అని రాసి ఉన్నది ఇదే. అమ్మకి "ఫస్ట్ నైట్ ఛార్జ్" అంటే అర్థం కాదు, పన్నెండు వేలు అంటే వెంటనే లేచి ఫోన్ చేస్తుంది.

రెండో లైన్లో హోటల్ వాక్యాన్ని ఇంగ్లీష్‌లో అలాగే ఉంచాను. నా తెలుగు తప్పైతే పట్టుకోవడానికి అది కావాలి. ఆ రోజు నోట్‌లో ఆ వాక్యం ఉండి ఉంటే, నాన్నతో మాట్లాడుతూ నేనే చూసి నాలుక కరుచుకునేవాణ్ణి. మూడు పదాలు కుదించి శుభ్రంగా రాశాననుకున్నాను, నా తప్పుకి ఉన్న సాక్ష్యాన్ని నేనే తుడిచేశాను.

స్క్రిప్ట్ వద్దని నేను అనడం లేదు. ఇప్పుడు నా స్క్రిప్ట్ ఇంకా ఉంది, కూడిక సరిపోకపోతే ఆగిపోతుంది, టైము లేని తేదీ దొరికితే నోట్ రాయకుండా నన్ను అడుగుతుంది. కానీ చివరి నోట్ నేనే, బొమ్మ పక్కన పెట్టుకుని, నా చేత్తో టైప్ చేస్తాను. గట్టిగా ఐదు నిమిషాలు పడుతుంది.

నానమ్మ ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది. సింగపూర్ ప్రయాణం వేసవికి మారింది. అక్క మొన్న కొత్త స్క్రీన్‌షాట్ పెట్టింది, ఈసారి డాక్యుమెంట్‌లా, కింది దాకా. నోట్ రాసి నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని ఒకటే అడిగాడు: "మన టైమా, వాళ్ళ టైమా?"